డబ్బు వస్తే క్రెడిట్ కదా మేడమ్, మరి క్లాసులో డెబిట్ అంటారేమిటి?

నమస్కారం మేడమ్. నేను బీకాం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. మా నాన్నకు ఊళ్లో కిరాణా కొట్టు ఉంది కాబట్టి లెక్కలు నాకు తేలికగానే వస్తాయనుకుని ఇందులో చేరాను. డెబిట్, క్రెడిట్‌ల మూడు సూత్రాలూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ లెక్క ముందు పెడితే ఏది డెబిట్టో, ఏది క్రెడిట్టో తేల్చుకోలేను. నాన్న ఫోనుకు బ్యాంకు నుంచి మెసేజ్‌లు వస్తాయి. డబ్బు పడితే క్రెడిట్ అయిందని, పోతే డెబిట్ అయిందని ఉంటుంది. క్లాసులో డబ్బు వస్తే డెబిట్ అంటారు. అడిగితే "బ్యాంకు సంగతి వదిలెయ్, సూత్రం చూసుకో" అన్నారు. మొన్నటి ఇంటర్నల్ పరీక్షలో నా ట్రయల్ బ్యాలెన్స్ కుదరలేదు. డెబిట్ మొత్తం 1,39,000, క్రెడిట్ మొత్తం 1,43,000 వచ్చాయి. జవాబు పత్రం ఫొటో పంపుతున్నాను. ఇంటర్‌లో సీఈసీ చదివినవాళ్లు చకచకా రాసేస్తుంటే సిగ్గుగా ఉంది. అమ్మ ట్యూషన్‌లో చేరమంటోంది. అన్నయ్యేమో ఇప్పుడంతా కంప్యూటరే చేస్తుంది, ట్యాలీ నేర్చుకుంటే చాలు అంటాడు. నాకైతే బీఏకి మారిపోదామనిపిస్తోంది. ఏం చేయమంటారు?

ఒక విద్యార్థిని

*

అమ్మా,

నీ జవాబు పత్రం రెండుసార్లు చూశాను. చివర 4,000 తేడా చుట్టూ ఎర్ర సిరాతో గీసిన గీత ఉంది. ఆ తేడా నన్నేమీ కంగారు పెట్టలేదు. అది వెతకడం తెలిస్తే రెండు నిమిషాల్లో దొరికే తప్పు. దానికన్నా పెద్ద తప్పు పైన ఇంకొకటి ఉంది. దాని పక్కన ఏ గీతా లేదు. అది తేడా రూపంలో బయటపడే రకం కాదు కాబట్టి దిద్దినవారి కళ్లను కూడా దాటిపోయింది. ఆ తప్పు నేరుగా మీ నాన్నగారి ఫోనుకు వచ్చే మెసేజ్ నుంచే పుట్టింది. అందుకే బ్యాంకు సంగతి వదిలెయ్యమన్న సలహాను నేను ఒప్పుకోను. నువ్వు అడిగినది అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం దొరకకుండా ముందుకు పోతే, ముందుముందు బ్యాంకు పాస్‌బుక్కునూ క్యాష్‌బుక్కునూ సరిపోల్చే పాఠం వచ్చినప్పుడు ఇదే గోడ మళ్లీ అడ్డం వస్తుంది.

మెసేజ్‌లో తప్పు లేదు, క్లాసులో చెప్పినదానిలోనూ తప్పు లేదు. అవి రెండు వేర్వేరు పుస్తకాల నుంచి చదువుతున్న వాక్యాలు. మీ కొట్టు పేరున బ్యాంకులో లక్ష రూపాయలు వేశారనుకో. కొట్టు లెక్కల పుస్తకంలో 'బ్యాంకు' అని ఒక ఖాతా ఉంటుంది. బ్యాంకు లెక్కల పుస్తకంలో మీ కొట్టు పేరుతో ఒక ఖాతా ఉంటుంది. కొట్టు వైపు నుంచి చూస్తే ఆ లక్ష మనం ఎప్పుడడిగినా బ్యాంకు మనకు ఇవ్వవలసిన సొమ్ము, అంటే మన ఆస్తి. బ్యాంకు వైపు నుంచి చూస్తే అదే లక్ష ఈ ఖాతాదారు ఎప్పుడడిగినా తాను తిరిగి ఇవ్వవలసిన సొమ్ము, అంటే దాని అప్పు. ఆస్తి పెరిగింది కాబట్టి మనం మన పుస్తకంలో డెబిట్ రాస్తాం. అప్పు పెరిగింది కాబట్టి బ్యాంకు తన పుస్తకంలో క్రెడిట్ రాస్తుంది. మెసేజ్ పంపేది బ్యాంకు. అది తన పుస్తకం చూసే పంపుతుంది, మీ పుస్తకం చూసి కాదు. పాస్‌బుక్ కూడా అంతే. మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన అది మీ లెక్క కాదు, బ్యాంకు లెడ్జర్‌లోని మీ పేజీకి నకలు.

కావాలంటే దీన్ని ఇంకోవైపు నుంచి పరీక్షించి చూడు. ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకునేందుకు బ్యాంకు అనుమతిస్తే, దాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ అంటారు. అప్పుడు పాస్‌బుక్‌లో డెబిట్ నిల్వ కనిపిస్తుంది. ఎందుకంటే ఇప్పుడు బాకీ ఉన్నది మనం, వసూలు చేసుకోవలసినది బ్యాంకు. అదే మొత్తం మన పుస్తకంలో క్రెడిట్ నిల్వగా ఉంటుంది.

కాబట్టి కలం పట్టగానే వేసుకోవలసిన మొదటి ప్రశ్న డెబిట్టా క్రెడిట్టా అని కాదు, ఇది ఎవరి పుస్తకం అని. పరీక్షలో ఈ ప్రశ్నకు సమాధానం ఎప్పుడూ వ్యాపార సంస్థే. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కొట్టు వేరు, కొట్టు యజమాని వేరు. మీ నాన్నగారు సొంత డబ్బు లక్ష తెచ్చి కొట్టులో పెడితే, కొట్టు లెక్క ప్రకారం ఆయన బయటి మనిషే. కొట్టు ఆయనకు లక్ష బాకీ పడింది. ఆ బాకీ పేరే మూలధనం. సొంత కొట్టుకు మనమే అప్పిచ్చినట్టు రాయడం మొదట విడ్డూరంగా ఉంటుంది. అది ఒక్కటి ఒప్పుకుంటే తరువాతవన్నీ వరుసగా కుదురుకుంటాయి.

ఇక నీ లెక్కకు వద్దాం. నీకిచ్చిన వ్యవహారాలు ఎనిమిది. వ్యాపారి లక్ష రూపాయలు బ్యాంకులో వేసి కొట్టు మొదలుపెట్టాడు. టోకు వర్తకుడి దగ్గర 40,000 సరుకు అరువుకు కొన్నాడు. 25,000 సరుకు నగదుకు అమ్మాడు. ఒక హోటల్‌కు 6,000 సరుకు అరువుకు ఇచ్చాడు. బ్యాంకు నుంచి 5,000 అద్దె కట్టాడు. ఇంటి ఖర్చుకు గల్లాపెట్టెలోంచి 2,000 తీసుకున్నాడు. టోకు వర్తకుడికి బ్యాంకు ద్వారా 30,000 చెల్లించాడు. హోటల్‌వాళ్లు బాకీలో 4,000 బ్యాంకు ఖాతాకు పంపారు.

నీకు వచ్చిన మూడు సూత్రాలతో ఇవి రాయలేకపోవడానికి కారణం సూత్రాలు మరిచిపోవడం కాదు. వ్యక్తిగత ఖాతా అయితే పుచ్చుకునేవారికి డెబిట్, వాస్తవిక ఖాతా అయితే వచ్చేదానికి డెబిట్, నామమాత్రపు ఖాతా అయితే ఖర్చులకూ నష్టాలకూ డెబిట్. ఈ సూత్రాలన్నీ 'అయితే' అన్న మాట దాటాకే పనిచేస్తాయి. అసలు కష్టం ఆ 'అయితే' దగ్గరే ఉంది. బ్యాంకు ఖాతా చూడటానికి నగదులా ఉంటుంది, కానీ సూత్రాల ప్రకారం అది వ్యక్తిగత ఖాతా, ఎందుకంటే బ్యాంకు ఒక సంస్థ. యజమాని సొంతానికి తీసుకునే డ్రాయింగ్స్ ఖర్చులా వినిపిస్తాయి, కానీ అవి యజమాని వ్యక్తిగత ఖాతా. ఇంకా చెల్లించని అద్దె అద్దెలాగే కనిపిస్తుంది, కానీ అది ఇంటి యజమానికి బదులు నిలబడే వ్యక్తిగత ఖాతా. ఖాతా ఏ రకమో తప్పుగా పట్టుకుంటే సూత్రం ఎంత బాగా వచ్చినా సమాధానం తారుమారవుతుంది. సీఈసీ నుంచి వచ్చినవాళ్లు చకచకా రాయడానికి కారణం వాళ్లకు వేరే తెలివి ఉండటం కాదు. రెండేళ్లు ఇవే ఖాతాలు చూసి చూసి ఏది ఏ రకమో కళ్లకు అలవాటైపోయింది. ఎప్పుడూ చూడని ఖాతా ఒకటి వాళ్ల ముందు పెట్టి చూడు, కలం ఆగిపోతుంది.

దీనికి ఇంకో దారి ఉంది. ఖాతాలను మూడు రకాలుగా కాక ఐదు గుంపులుగా చూడటం: ఆస్తులు, అప్పులు, మూలధనం, ఆదాయాలు, ఖర్చులు. దీని వెనక ఉన్నది ఒకే సమీకరణం. కొట్టులో ఉన్న ఆస్తులన్నీ కలిపితే, బయటివాళ్లకు ఇవ్వవలసినదీ యజమానికి ఇవ్వవలసినదీ కలిపిన మొత్తానికి సమానం. ఆస్తులు ఎడమవైపు, అప్పులూ మూలధనమూ కుడివైపు. ఆస్తి పెరిగితే ఎడమవైపు, అంటే డెబిట్ వైపు రాస్తాం, తగ్గితే కుడివైపు రాస్తాం. అప్పు, మూలధనం పెరిగితే కుడివైపు, అంటే క్రెడిట్ వైపు రాస్తాం, తగ్గితే ఎడమవైపు. ఆస్తి ఎడమవైపే ఎందుకుండాలని మాత్రం అడగకు. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపు నడపడం లాంటిదే ఇదీ, అందరూ ఒకేలా పాటిస్తే చాలు. లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చు వేయించిన గణిత గ్రంథంలో అక్కడి వర్తకుల లెక్కల పద్ధతిని వివరించాడు. డెబిట్ ఎడమ, క్రెడిట్ కుడి అన్న ఆచారం అప్పటికే ఉంది.

మిగిలినవి ఆదాయాలు, ఖర్చులు. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. అద్దె కట్టాం, డబ్బు పోయింది. మరి అద్దె ఖాతాకు డెబిట్ ఎందుకు? అది ఆస్తి కాదు కదా? కాదు. కానీ అద్దె కట్టినందువల్ల యజమాని వాటా 5,000 తరిగింది. మూలధనం తగ్గితే ఎడమవైపు రాయాలని ఇప్పుడే అనుకున్నాం. నిజానికి ఆ 5,000 తిన్నగా మూలధనం ఖాతాలోనే డెబిట్ రాసినా లెక్క తప్పు కాదు. అలా రాస్తే ఏడాది చివర అద్దెకు ఎంత పోయింది, జీతాలకు ఎంత పోయింది అని చెప్పలేం. అందుకని తలొక పేరు మీద వేరే పేజీలు తెరిచి, అక్కడ డెబిట్ రాసి, ఏడాది చివర అన్నిటినీ లాభనష్టాల ఖాతా మీదుగా మూలధనంలోకి చేరుస్తాం. ఆదాయాల విషయం దీనికి సరిగ్గా ఎదురు. అమ్మకం వల్ల యజమాని వాటా పెరుగుతుంది కాబట్టి అమ్మకాల ఖాతాకు క్రెడిట్. ఖర్చుల ఖాతాలూ ఆదాయాల ఖాతాలూ మూలధనం ఖాతాలోంచి విడదీసి తెచ్చిన పేజీలేనని ఒకసారి పట్టుకున్నావంటే, వాటికి వేరే సూత్రం కంఠస్థం చేయనక్కర్లేదు.

ఈ చూపుతో నీ ఎనిమిది వ్యవహారాలూ రాద్దాం. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు చాలు: ఏ రెండు ఖాతాలు కదిలాయి, ఒక్కొక్కటి పెరిగిందా తగ్గిందా. కొట్టు మొదలుపెట్టినప్పుడు బ్యాంకు అనే ఆస్తి పెరిగింది, డెబిట్ 1,00,000. మూలధనం పెరిగింది, క్రెడిట్ 1,00,000. అరువు కొనుగోలులో కొనుగోళ్లు అనే ఖర్చు పెరిగింది, డెబిట్ 40,000; టోకు వర్తకుడికి బాకీ పెరిగింది, క్రెడిట్ 40,000. నగదు అమ్మకంలో నగదు పెరిగింది, డెబిట్ 25,000. అమ్మకాలు పెరిగాయి, క్రెడిట్. హోటల్‌కు అరువు ఇచ్చినప్పుడు హోటల్ నుంచి రావలసిన బాకీ అనే ఆస్తి పెరిగింది, హోటల్ ఖాతాకు డెబిట్ 6,000, అమ్మకాలకు క్రెడిట్. ఇక్కడ ఒక్క రూపాయి కూడా చేతికి రాలేదు, అయినా ఆస్తి పెరిగింది. దీన్ని గమనించావా? డెబిట్‌కూ డబ్బు రావడానికీ ముడిపెట్టి చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు.

అద్దెలో ఖర్చు పెరిగింది, డెబిట్ 5,000. బ్యాంకు తగ్గింది, క్రెడిట్. ఇంటికి తీసుకున్న 2,000లో నగదు తగ్గింది, క్రెడిట్. యజమాని వాటా తగ్గింది, డ్రాయింగ్స్ ఖాతాకు డెబిట్. టోకు వర్తకుడికి చెల్లించినప్పుడు అప్పు తగ్గింది, ఆయన ఖాతాకు డెబిట్ 30,000. బ్యాంకు తగ్గింది, క్రెడిట్. చివరిగా హోటల్ 4,000 పంపినప్పుడు బ్యాంకు అనే ఆస్తి పెరిగింది, డెబిట్. హోటల్ బాకీ అనే ఆస్తి తగ్గింది, హోటల్ ఖాతాకు క్రెడిట్.

నిల్వలు తేలిస్తే రావలసిన ట్రయల్ బ్యాలెన్స్ ఇది:

డెబిట్ నిల్వలు: బ్యాంకు 69,000, నగదు 23,000, కొనుగోళ్లు 40,000, హోటల్ 2,000, అద్దె 5,000, డ్రాయింగ్స్ 2,000. మొత్తం 1,41,000.

క్రెడిట్ నిల్వలు: మూలధనం 1,00,000, టోకు వర్తకుడు 10,000, అమ్మకాలు 31,000. మొత్తం 1,41,000.

ఇప్పుడు నీ 4,000 తేడా వెతుకుదాం. తేడా రాగానే లెక్కంతా కొట్టేసి మొదటి నుంచి రాయడం నీ పత్రంలో కనబడుతోంది. అది సమయం తినేసే పని. అంతకుముందు మొత్తాలు మళ్లీ ఒకసారి కూడుకో. అవి సరిగ్గా ఉంటే తేడానే సాక్ష్యం అడగాలి. తేడా ఎంతో సరిగ్గా అంత మొత్తం లెక్కలో ఉందా? ఉంది, హోటల్ పంపిన 4,000. ఆ పద్దు ఒక ఖాతాలోనే పడి రెండో ఖాతాలో పడకపోతే ఇంత తేడా వస్తుంది. నీ లెడ్జర్‌లో అది రెండు చోట్లా పడింది. కాబట్టి అది కాదు. తరువాత తేడాలో సగం చూడాలి. ఒక మొత్తాన్ని ఉండవలసిన వైపు కాకుండా ఎదుటి వైపు వేస్తే, ఇటు తగ్గి అటు పెరిగి తేడా రెట్టింపు అవుతుంది. 4,000లో సగం 2,000. నీకు క్రెడిట్ వైపు ఎక్కువ వచ్చింది, అంటే డెబిట్‌లో ఉండవలసిన 2,000 ఏదో క్రెడిట్‌లోకి పోయింది. నీ పత్రంలో ఆ మొత్తం ఉన్నది ఒక్క డ్రాయింగ్స్‌కే. చూడబోతే జర్నల్‌లో డ్రాయింగ్స్ డెబిట్ అని సరిగ్గానే రాశావు. ట్రయల్ బ్యాలెన్స్‌కు వచ్చేసరికి అది యజమానికి సంబంధించినది కదా అని మూలధనం కిందే క్రెడిట్ వరుసలో పెట్టేశావు. అదీ సంగతి.

తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే మరో అనుమానం పెట్టుకోవచ్చు, అంకెలు తారుమారు చేసి రాశామేమో అని. 5,400 బదులు 4,500 రాస్తే తేడా 900 వస్తుంది, అది తొమ్మిదికి భాగింపబడుతుంది. ఈ కిటుకులన్నీ తప్పు ఒక్కటే ఉన్నప్పుడు బాగా పనిచేస్తాయి. రెండు మూడు తప్పులు కలిసిపోతే తేడా ఏదీ చెప్పలేదు, అప్పుడు పద్దు పద్దుగా టిక్కు పెట్టుకుంటూ పోవడమే మార్గం.

ఇక నేను మొదట్లో అన్న పెద్ద తప్పు. చివరి వ్యవహారానికి నువ్వు హోటల్ ఖాతా డెబిట్, బ్యాంకు ఖాతా క్రెడిట్ అని రాశావు. డబ్బు పడితే బ్యాంకు మెసేజ్‌లో క్రెడిట్ అని వస్తుంది కదా, అది చెయ్యి పట్టుకుని రాయించింది. దానివల్ల బ్యాంకు 69,000 బదులు 61,000, హోటల్ 2,000 బదులు 10,000 అయ్యాయి. ఒకటి ఎనిమిది వేలు తగ్గింది, ఇంకొకటి ఎనిమిది వేలు పెరిగింది, రెండూ డెబిట్ వైపే ఉన్నాయి. కాబట్టి మొత్తం కదల్లేదు. నువ్వు డ్రాయింగ్స్ ఒక్కటి సరిచేసుకుని ఉంటే రెండు వైపులా 1,41,000 వచ్చేది, సరైన జవాబులో ఉన్న మొత్తమే. కుదిరిందని సంతోషించి పత్రం ఇచ్చేసేదానివి. ఈ తప్పు నిజం కొట్టులో జరిగితే, 2,000 బాకీ ఉన్న హోటల్‌వాడి దగ్గరికి 10,000 వసూలుకు మనిషిని పంపుతారు.

ట్రయల్ బ్యాలెన్స్ చెప్పగలిగినది ఇంతే: రాసిన ప్రతి డెబిట్‌కూ సమానమైన క్రెడిట్ రాశారని. ఏ ఖాతాకు రాశారు, అసలు రాశారా లేదా, తలకిందులుగా రాశారా అన్నవి దానికి తెలియవు. వాటిని పట్టుకునేది నిల్వను చదివే అలవాటు. ప్రతి ఖాతా నిల్వనూ ఒక వాక్యంగా చదివి చూడు. "హోటల్ మనకు 10,000 ఇవ్వాలి" అని చదివి ఉంటే, ఇచ్చిన సరుకే 6,000 కదా, బాకీ 10,000 ఎలా అవుతుందని అక్కడే అనుమానం వచ్చేది. నగదు ఖాతాకు క్రెడిట్ నిల్వ వస్తే గల్లాపెట్టెలో సున్నా కంటే తక్కువ డబ్బు ఉందని అర్థం, అది జరగని పని. బ్యాంకుకు క్రెడిట్ నిల్వ వస్తే ఓవర్‌డ్రాఫ్ట్ ఉందేమో చూడాలి, లేకపోతే ఎక్కడో తప్పు పడింది. ఈ చదవడానికి పరీక్షలో అయిదు నిమిషాలు పక్కన పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు నీ ముందున్న దారులు. మూడు సూత్రాలనే పట్టుకుని ఉండాలనుకుంటే తప్పేమీ లేదు. ఎన్నో తరాలు వాటితోనే చదివాయి. ఖాతాల రకాలు, సూత్రాలు వివరించమని పరీక్షల్లో అడుగుతారు కూడా. కానీ అప్పుడు నీ శ్రమంతా ఖాతాను గుర్తించడం మీద పెట్టాలి. సూత్రాలు వల్లించడం మానేసి, పుస్తకంలోని నలభై యాభై ఖాతా పేర్లు తీసుకుని ఒక్కొక్కటి ఏ రకమో, ఎందుకో రాసుకోవాలి. విసుగు పుట్టే పని, ఫలితం మాత్రం ఉంటుంది. ఐదు గుంపుల దారి పడితే గుర్తించడం తేలికవుతుంది, అమ్మకాల వాపసుల్లాంటి కొత్త ఖాతా వచ్చినా ఆదాయం తగ్గింది కాబట్టి డెబిట్ అని నువ్వే తేల్చుకోగలవు. దాని ఇబ్బంది వేరు. మీ అధ్యాపకులు క్లాసులో ఒక భాషలో చెబుతుంటే నువ్వు మనసులో ఇంకో భాషలో ఆలోచించాలి. కొన్నాళ్లు రెండూ కలిసి మరింత గజిబిజిగా అనిపించవచ్చు. నా మటుకు నేను లెక్క చేయడానికి ఐదు గుంపులూ, సిద్ధాంత ప్రశ్నలకు మూడు సూత్రాలూ పెట్టుకోమంటాను. ఒకే వ్యవహారానికి మాత్రం సగం ఇదీ సగం అదీ వాడకు. బ్యాంకును ఆస్తిగా చూసి, ఆ వెంటనే 'ఇచ్చేవారికి క్రెడిట్' అన్న సూత్రం తగిలిస్తే ఎటూ కాకుండా పోతావు.

ట్యూషన్ సంగతి అమ్మ చెప్పింది మంచికే. చేరేముందు ఒక్క రోజు కూర్చుని చూడు. అక్కడివాళ్లు నీ చేత రాయించి, తప్పు ఎందుకు పడిందో అడుగుతుంటే చేరు. బోర్డు మీద చేసిన లెక్కను ఎక్కించుకుని రావడమే అయితే, నీకు ఇప్పటికే ఉన్న జబ్బు ముదురుతుంది. పుస్తకాల్లో చేసి ఉన్న లెక్కలు చదివితే అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. జవాబు మూసి పెట్టి రాస్తేనే ఎక్కడ ఆగుతున్నావో తెలుస్తుంది.

అన్నయ్య మాటలో సగం నిజముంది. ట్యాలీలో రసీదుకు F6, చెల్లింపుకు F5 నొక్కి వివరాలు ఇస్తే కూడికలు అదే చేస్తుంది, డెబిట్ క్రెడిట్ మొత్తాలు సమానం కాని పద్దును అది తీసుకోదు. కానీ కొత్త ఖాతా తెరవగానే దీన్ని ఏ గుంపు కింద పెట్టాలో చెప్పమంటుంది. ఆస్తా, అప్పా, ఖర్చా, ఆదాయమా అన్న అదే ప్రశ్న. కొట్టుకు కొన్న ఫ్రిజ్‌ను ఖర్చుల గుంపులో పెడితే కంప్యూటర్ కిమ్మనదు, ఆ ఏడాది లాభం అంత తక్కువ చూపిస్తుంది. హోటల్ పద్దు నువ్వు రాసినట్టే తలకిందులుగా జర్నల్‌లో కొట్టినా చక్కగా కుదిరినట్టే చూపిస్తుంది. ముందు కాగితం మీద నిలదొక్కుకుని తరువాత ట్యాలీ నేర్చుకుంటే పది రోజుల పని. ముందే ట్యాలీకి వెళ్తే మీటలు వస్తాయి, తప్పు పడిన రోజున ఎక్కడ వెతకాలో రాదు. ఉద్యోగంలో త్వరగా చేరవలసిన అవసరం ఇంట్లో ఉంటే రెండూ పక్కపక్కనే సాగించు, అది నీ పరిస్థితిని బట్టి నువ్వే తేల్చుకోవాలి.

బీఏకి మారడం గురించి. అక్కడి పాఠాలు నిజంగా నీకు ఇష్టమైతే మారు, అది పారిపోవడం కాదు. మారే గడువు ఎప్పటివరకు ఉందో కాలేజీ ఆఫీసులో ముందే కనుక్కో. కానీ ఈ ఒక్క జవాబు పత్రం చూసి మారితే మాత్రం తొందరపాటే. ఎనిమిది వ్యవహారాల్లో నువ్వు జర్నల్‌లో తప్పు రాసినది ఒక్కటే, దానికీ కారణం తెలిసింది. గడువు లోపల మీ నాన్నగారి ఖాతా పుస్తకంలో ఒక వారం పద్దులు తీసుకుని, ఐదు గుంపుల పద్ధతిలో జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ రాసి చూడు. ఆ పుస్తకంలో అరువు తీసుకున్నవాళ్ల పేజీలు తప్ప అద్దెకూ కొనుగోళ్లకూ పేజీలు ఉండకపోవచ్చు, అవి నువ్వే తెరవాలి. చివర్లో నీ నగదు ఖాతా నిల్వను గల్లాపెట్టెలో ఉన్న డబ్బుతో సరిచూడు. పరీక్ష లెక్కలో ఈ సౌకర్యం ఉండదు. రెండూ కలవకపోతే, ఇంటికి తీసుకున్నవి పుస్తకంలోకి ఎక్కాయో లేదో మొదట అడుగు. చిన్న కొట్ల లెక్కల్లో ఎక్కువగా జారిపోయేవి అవే.

అలా చేస్తున్నప్పుడు ఒక పద్దు నీకు తప్పక తగులుతుంది. అమ్మ కొట్టులోంచి 500 రూపాయల పప్పులూ నూనే ఇంటికి తెచ్చుకుంటుంది. డబ్బు చేతులు మారలేదు, అయినా పద్దు రాయాలి. యజమాని వాటా తగ్గింది కాబట్టి డ్రాయింగ్స్‌కు డెబిట్. రెండోది ఏది? అమ్మకాలకు క్రెడిట్ అని నీ చెయ్యి పోతుంది. అది అమ్మకం కాదు, లాభం వేసుకోలేదు. కొన్న ధరకే సరుకు తగ్గింది, కాబట్టి కొనుగోళ్లకు క్రెడిట్. ఎందుకో నీ మాటల్లో రాసి ఆ వారం లెక్కతో పాటు పంపు, ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోయినా సరే. దిద్ది పంపుతాను.